మూత తీసి ఇంకో ఫొటో పెట్టండి

కోసి ప్యాక్ చేసిన పండ్ల డబ్బా ఫొటో చూపించి 'ఇది తినొచ్చా?' అని అడిగితే చాలామంది చూపు ముందు యాపిల్ ముక్క మీదికే పోతుంది. అది కాస్త గోధుమరంగుకు తిరిగితే డబ్బా మొత్తం పాడైపోయిందని తేల్చేస్తారు. తెల్లగా ఉంటే 'బాగానే ఉంది, తినేయండి' అంటారు. నిజానికి ఆ డబ్బా గురించి అన్నిటికంటే తక్కువ చెప్పేది యాపిలే. అసలు సంగతి చెప్పేవి పక్కనున్న పుచ్చకాయ ముక్క అంచు, అడుగున చేరిన ఊట, కర్బూజ ముక్కలో కనిపించే ఒకరకమైన మెరుపు. వాటిని ఎవరూ పట్టించుకోరు.

పండ్లు కోసి ప్యాక్ చేసే చోట నాణ్యత చూసే పని కొన్నేళ్లు చేశాను. అందుకని చుట్టాలూ స్నేహితులూ ఇలాంటి ఫొటోలు నాకు పంపుతూనే ఉంటారు. ఫోన్లో ఆర్డరిస్తే నిమిషాల్లో గుమ్మం ముందుకు వచ్చే డబ్బాలు ఎక్కువయ్యాక ఇవీ ఎక్కువయ్యాయి. మొన్న మే నెలలో విజయవాడ నుంచి మా పిన్ని పంపిన ఫొటో ఒకటి ఈ విషయం చెప్పడానికి బాగా పనికొస్తుంది. పుచ్చకాయ, కర్బూజ, బొప్పాయి, పైనాపిల్, యాపిల్ ముక్కలు, పైన చల్లిన దానిమ్మ గింజలు. మూత పెట్టే ఉంది, డైనింగ్ టేబుల్ మీద పసుపురంగు బల్బు వెలుతురులో తీసింది. కింద ఒకటే ప్రశ్న: 'ఏరా, పిల్లలకి పెట్టొచ్చా?'

ఆ ఫొటోలో నాకు కనిపించింది ఎర్రటి రంగు, మూతకు లోపల పట్టిన ఆవిరి, అంతే. 'మూత తీసి, కిటికీ దగ్గర పెట్టి ఇంకోటి తియ్యి పిన్నీ' అన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు కెమెరా సంగతి చెప్పాలి.

కెమెరా రంగును మార్చేస్తుంది

పండ్ల ఫొటోలో అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది రంగు. పసుపు బల్బు కింద తాజా యాపిల్ ముక్క కూడా కాస్త గోధుమరంగులో కనిపిస్తుంది. తెల్ల ట్యూబులైటు కింద బాగా మాగిన బొప్పాయి కూడా పాలిపోయినట్టు ఉంటుంది. దీనికి తోడు ఫోన్ తనంతట తాను రంగులు సరిదిద్దుతుంది. ఫ్రేమంతా ఎర్రటి పుచ్చకాయ ముక్కలే నిండి ఉంటే, వెలుతురే ఎర్రగా ఉందేమోనని పొరబడి ఎరుపు తగ్గించేయగలదు. తిండి ఫొటోలకని ప్రత్యేకంగా ఉండే మోడ్ అయితే ఎరుపు, పసుపులను ఇంకా ఎక్కించి చూపిస్తుంది. బండి మీద అమ్మే పండ్ల ప్లేటు ఫొటో మరీ మోసం. పైన కట్టిన ఎర్ర టార్పాలిన్ గుండా వచ్చే ఎండలో నిన్నటి పుచ్చకాయ కూడా ఇవాళే కోసినట్టు నిగనిగలాడుతుంది.

దీనికి విరుగుడు చాలా తేలిక. డబ్బా పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, ఎండ నేరుగా పడని కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయాలి. ఫొటోలో కాగితం తెల్లగా కనిపిస్తే పండు రంగును నమ్మొచ్చు. కాగితమే పసుపుగా ఉంటే యాపిల్ మీద కనిపించే పసుపులో అంత భాగం బల్బుదే. ఫ్లాష్ వద్దనడానికి కారణం వేరే ఉంది. తడిగా ఉన్న ముక్క మీద ఫ్లాష్ పడితే తెల్లటి మెరుపు మచ్చలు వస్తాయి. అవి చూసేవాళ్లకు జిగురు పట్టినట్టు కనిపిస్తాయి. ఎక్కడైనా నిజంగా బూజు మొదలై ఉంటే ఆ మెరుపు దాన్నీ కప్పేస్తుంది.

జూమ్ కూడా వద్దు. ఒక జానెడు దూరం నుంచి మామూలుగా తీసిన ఫొటోను తర్వాత పెద్దది చేసి చూసుకోవచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటో కుంచించుకుపోతుంది కాబట్టి హెచ్‌డీ అన్నది నొక్కి పంపాలి, లేకపోతే డాక్యుమెంటుగా పంపాలి. సన్నటి బూజు నూగు, ఊటలోని చిన్న బుడగలు అన్నిటికంటే ముందు పోయేది ఈ కుదింపులోనే.

ఆప్‌లో ఆర్డరిచ్చేటప్పుడు కనిపించే బొమ్మ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది మీ డబ్బా ఫొటో కాదు. దాన్నిబట్టి తాజాదనం లెక్కగట్టడం పెళ్లి శుభలేఖ చూసి భోజనం రుచి చెప్పడం లాంటిది.

యాపిల్ ఎందుకు నమ్మదగ్గ సాక్షి కాదు

యాపిల్‌ను కోసినప్పుడు కత్తి దాని కణాలను చీలుస్తుంది. అప్పటిదాకా కణం లోపల వేర్వేరు గదుల్లో ఉన్న ఫీనాల్ పదార్థాలు, పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఒకదానికొకటి తగులుతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడైతే గోధుమరంగు పుడుతుంది. ఇంట్లో కోసిన యాపిల్ అరగంటలో రంగు మారడం ఇందుకే. ఇది కుళ్లు కాదు, క్రిములు చేసిన పని కాదు. కాస్త రుచి తగ్గుతుందేమో గానీ, ఆ రంగు ఒక్కదాని వల్ల ఎవరికీ కడుపునొప్పి రాదు.

మరి డబ్బాలో వచ్చిన యాపిల్ రోజు గడిచినా తెల్లగా ఎలా ఉంటుంది? పెద్ద ఎత్తున ప్యాక్ చేసేవాళ్లు కోసిన వెంటనే ముక్కల్ని విటమిన్ సి, కాల్షియం కలిపిన నీళ్లలో ముంచుతారు. విటమిన్ సి గోధుమరంగు పుట్టకముందే ఆ చర్యను వెనక్కి నెడుతుంది, కాల్షియం ముక్కను గట్టిగా ఉంచుతుంది. వీధి చివర బండాయన నిమ్మకాయ పిండేదీ దాదాపు ఈ పనికే. అలా ముంచిన ముక్కలు చల్లగా ఉన్నంతకాలం రోజుల తరబడి తెల్లగానే ఉంటాయి. కాబట్టి ఫొటోలో యాపిల్ తెల్లగా ఉందంటే దాని అర్థం 'ముంచారు' అనే తప్ప 'తాజాగా ఉంది' అని కాదు.

దీన్నే తిరగేసి చూస్తే యాపిల్ కొంత పనికొస్తుంది. ప్యాక్ చేసిన కంపెనీ డబ్బాలో ముక్కలన్నీ కోసిన ముఖమంతా సమానంగా గోధుమరంగుకు తిరిగి ఉంటే, ముంచిన మందు ప్రభావం అయిపోయిందన్నమాట. అంటే చాలా కాలమైనా అయి ఉండాలి, లేదా మధ్యలో వేడైనా తగిలి ఉండాలి. ఒకే ముక్క మీద ఒక మూల మాత్రమే మచ్చ ఉంటే అది కోయకముందే పండుకు తగిలిన దెబ్బ, కమిలిన చోటు. పై వరస ముక్కలు మాత్రమే రంగు మారి, ఊటలో మునిగినవి తెల్లగా ఉంటే అది గాలి చేసిన పని. ఈ మూడూ ఒకే ఫొటోలో వేరువేరుగా గుర్తుపట్టొచ్చు, కాకపోతే మచ్చ ఎంత ఉందని కాకుండా ఎక్కడ ఉందని చూడాలి. బండి మీద కోసిన, ఇంట్లో కోసిన యాపిల్‌కు మాత్రం ఈ లెక్క వర్తించదు. అవి ఎటూ రంగు మారతాయి.

మూడు రకాల తడి

పిన్ని రెండో ఫొటో పంపింది. మూత తీసి ఉంది, కిటికీ పక్కన, తెల్ల కాగితం కూడా పెట్టింది. ఇప్పుడు అసలు చూడాల్సింది కనిపించింది: తడి.

డబ్బాలో తడి మూడు చోట్ల నుంచి వస్తుంది, మూడింటికీ అర్థాలు వేరు. మొదటిది మూతకు పట్టే ఆవిరి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను ఉక్కపోతలో పెడితే బయటివైపు చెమ్మ పట్టడం మామూలే, దానికి అర్థమేమీ లేదు. లోపలివైపు పట్టిన నీటి బొట్లు మాత్రం చలి, వేడి మారుతూ వచ్చాయని చెబుతాయి. ముక్కలు వెచ్చబడి ఆవిరి పైకి లేచి, చల్లటి మూతకు తగిలి బొట్లుగా మారింది. అవి గుండ్రంగా, రంగు లేకుండా ఉంటాయి. ఒక్కసారి ఇలా జరిగితే పెద్ద విషయం కాదు. రెండోది కడిగినప్పుడు సరిగ్గా ఆరబెట్టకపోవడం వల్ల మిగిలిన నీళ్లు. ఇది ద్రాక్షలోనూ, సలాడ్ ఆకుల్లోనూ కనిపిస్తుంది. ఇదీ రంగు లేనిదే, కానీ అడుగున ఉంటుంది.

మూడోది ఊట. ముక్కలోంచే కారిన రసం. దీనికి పండు రంగు ఉంటుంది. పుచ్చకాయలో తొంభై శాతం పైగా నీరే కాబట్టి కోసిన కాసేపటికే ఒకటి రెండు చెంచాల ఊట రావడం సహజం. అంతమాత్రాన డబ్బాను అనుమానించక్కర్లేదు. నేను పెట్టుకున్న కొలత ఒకటుంది: అడుగు వరస ముక్క ఎత్తులో నాలుగో వంతు దాకా మునిగితే అనుమానించాలి, సగం మునిగితే కొత్తది కాదని చెప్పేయొచ్చు. ఇది ఏ పుస్తకంలోనూ ఉన్న సూత్రం కాదు. నా అలవాటు, అంతే.

ఊట ఎంత ఉందో పై నుంచి తీసిన ఫొటోలో తెలియదు. అందుకే డబ్బాను ఒక మూలకు వంచి పక్క నుంచి ఇంకో ఫొటో తీయాలి. ఊటంతా ఆ మూలకు చేరుతుంది, దాని లోతూ రంగూ కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు డబ్బా అడుగున ఊట పీల్చుకునే తెల్లటి మెత్తటి షీటు వేస్తాయి. అది ఉంటే వంచినా ఏమీ కారదు. అప్పుడు డబ్బాను పైకెత్తి అడుగు వైపు నుంచి తీయాలి. షీటు ఎంత దూరం ఎర్రబడిందో, ఎంత ఉబ్బిందో అక్కడ కనిపిస్తుంది.

పిన్ని డబ్బాలో షీటు లేదు. వంచితే ముక్కల్లో మూడో వంతు మునిగేంత ఊట ఉంది. అంతకంటే ముఖ్యం, అది తేటగా లేదు. తాజా ఊట పుచ్చకాయ రసంలా ఎర్రగా ఉన్నా దాని గుండా అడుగు కనిపిస్తుంది. ఇది కాస్త మబ్బు పట్టినట్టుంది. పైనాపిల్ ముక్కల చుట్టూ డబ్బా గోడ వెంట సన్నటి బుడగలు కూడా ఉన్నాయి.

బుడగల విషయంలో తొందరపడకూడదు. బండి మీద గతుకుల్లో ఎగిరెగిరి వచ్చిన డబ్బాలో కూడా నురగ ఉంటుంది. డబ్బాను కదపకుండా ఒక పది నిమిషాలు పెట్టి మళ్లీ ఫొటో తీయమన్నాను. కుదుపు వల్ల వచ్చిన నురగ ఆలోగా చాలావరకు పోతుంది. పులుపు మొదలైతే ఈస్ట్ గాలిని వదులుతూనే ఉంటుంది కాబట్టి బుడగలు అలాగే ఉంటాయి, కొత్తవీ వస్తాయి. పైనాపిల్‌లో చక్కెర, పులుపు రెండూ ఉంటాయి కనక ఈస్ట్‌కు అది ఇష్టమైన చోటు. మూతకు బదులు పైన పల్చటి ప్లాస్టిక్ పొర అతికించిన డబ్బా అయితే ఆ గాలికి పొర పైకి ఉబ్బుతుంది. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ ఉబ్బు తెలుస్తుంది. పది నిమిషాల తర్వాత పిన్ని పంపిన ఫొటోలో బుడగలు అలాగే ఉన్నాయి.

అంచులూ గాజు మెరుపూ

తడి తర్వాత చూడాల్సింది ముక్కల మూలలు. పదునైన కత్తితో కోసిన పుచ్చకాయ ముక్కకు మూలలు గీత గీసినట్టు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ కణాల గోడలు మెత్తబడి మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఇది రంగు కాదు, ఆకారం. కాబట్టి బల్బు పసుపుదైనా, టార్పాలిన్ ఎర్రదైనా ఫొటోలో అబద్ధం చెప్పదు. పండ్ల డబ్బాను ఫొటోలో చూసేటప్పుడు నేను ముందు వెతికేది ఇదే. బొప్పాయి ముక్కకు మూలలు పోవడంతోపాటు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా కనిపిస్తే అది ఇంకా ముదిరిన స్థితి.

కర్బూజలో చూడాల్సింది గాజు మెరుపు. తాజా కర్బూజ ముక్క లోపల కణాల మధ్య సన్నటి గాలి ఖాళీలు ఉంటాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది కాబట్టి ముక్క మసక తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కణాలు పగిలి రసం ఆ ఖాళీల్లోకి చేరాక వెలుతురు లోపలికి దూరిపోతుంది. ముక్క నీళ్లు పట్టినట్టు, కాస్త ముదురుగా, అద్దంలా కనిపిస్తుంది. ఇది మామూలుగా అంచుల దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. ఫొటోలో ముక్క అంచున నూనె రాసినట్టు ఒక పట్టీ, మధ్యలో మసక భాగం కనిపిస్తే మొదలైందన్నమాట. ముక్కంతా అలాగే ఉంటే ఎప్పుడో మొదలైంది.

ఇక్కడ రెండు చోట్ల పొరబడే అవకాశం ఉంది. పైనాపిల్ కొన్నిసార్లు తోటలోనే అలా గాజులా మారుతుంది, కోసిన నిమిషాన కూడా అలాగే ఉంటుంది. అందుకే పైనాపిల్ మెరుపును నేను లెక్కలోకి తీసుకోను. రెండోది ఫ్రిజ్ వెనక గోడకు ఆనించిన డబ్బా. అక్కడ ముక్కలు గడ్డకట్టి, బయటికి తీశాక కరిగితే కణాలు చిట్లిపోయి గాజులా మారి, ఊట కూడా విపరీతంగా వస్తుంది. అది పాతది కాకపోవచ్చు, పొద్దున్నే కోసింది కూడా కావచ్చు. డబ్బాలో ఒక వైపు ముక్కలు మాత్రమే అలా ఉండి, ఇంకో వైపు బాగుంటే ఇదే కారణమై ఉంటుంది.

దానిమ్మ గింజలు ఇంకో రకంగా సాయం చేస్తాయి. తాజాగా వలిచినవి నిండుగా, నిగనిగలాడుతూ ఉంటాయి. పాతబడ్డవి మెరుపు పోయి, గోధుమ ఛాయకు తిరిగి, పొర కుంగి లోపలి తెల్ల గింజ కనిపిస్తుంది. వాటి రంగు పక్క ముక్కలకు అంటుకోవడం కూడా చూడాలి. గింజ చుట్టూ యాపిల్ ముక్క మీద గులాబీ రంగు వలయం చిన్నగా ఉంటే ఎక్కువ సేపు కాలేదు. ముక్కంతా గులాబీ రంగు పాకి ఉంటే అవి చాలాసేపటి నుంచి కలిసి ఉన్నాయి, లేదా బాగా కుదిపారు. సలాడ్ డబ్బాలో ఈ పని బీట్‌రూట్ చేస్తుంది, పక్కనున్న కీరదోస ముక్కలు ఎంత ఎర్రబడ్డాయో చూస్తే సరి.

పిన్ని రెండో ఫొటోలో పుచ్చకాయ మూలలు గుండ్రమయ్యాయి. కర్బూజ ముక్కల్లో చాలావాటికి అంచుల చుట్టూ గాజు పట్టీ ఉంది. దానిమ్మ రంగు యాపిల్ మీదికి పాకింది. యాపిల్ మాత్రం తెల్లగా, ముచ్చటగా ఉంది.

సలాడ్ డబ్బాకు లెక్క వేరు

పండ్లలో తడి ఎక్కువైతే అనుమానం. క్యారెట్‌లో తడి తక్కువైతే రంగు మారుతుంది. తురిమిన, చెక్కు తీసిన క్యారెట్ మీద తెల్లటి పొడి పూసినట్టు కనిపించేది బూజు అనుకుని పారేస్తుంటారు. అది పైపొర ఎండిపోవడం వల్ల వచ్చేది, చాలాసార్లు నీళ్లు చిలకరిస్తే మళ్లీ నారింజ రంగు తిరిగొస్తుంది. బూజుకు నూగు ఉంటుంది, అక్కడక్కడా గుంపులుగా ఉంటుంది. ఎండు తెలుపు ముక్కంతా సమానంగా పరుచుకుంటుంది.

ఆకుల్లో వెతకాల్సింది రెండు రంగులు. లెట్యూస్ కోసిన అంచు గులాబీ, తుప్పు రంగులకు తిరిగితే అది యాపిల్ లాంటి మార్పే, పెద్దగా భయపడక్కర్లేదు. ఆకు మధ్యలో ముదురాకుపచ్చ తడి మచ్చలు, ఆకు ప్లాస్టిక్ గోడకు తడి కాగితంలా అతుక్కుపోవడం మాత్రం కుళ్లు మొదలైన గుర్తు. అలాంటి ఆకు ఒక్కటే ఉన్నా దాని జిగురు చుట్టుపక్కల ఆకులకు పాకుతుంది. కీరదోస ముక్కల మధ్య గింజల భాగం కరిగి జారిపోవడం కూడా అలాంటిదే. సలాడ్‌లో ముందే ఉప్పు, నిమ్మరసం కలిపి ఉంటే అడుగున నీళ్లు చేరడాన్ని తప్పుపట్టొద్దు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, పది నిమిషాల్లో కూడా.

మొలకల గురించి మాత్రం ఫొటో చూసి ఏమీ చెప్పను. వెచ్చటి తడిలోనే అవి మొలకెత్తుతాయి, క్రిములకూ అదే కావాలి. చూడటానికి తెల్లగా, గట్టిగా ఉన్న మొలకల మీద కూడా నాకు నమ్మకం లేదు. ఉడికించి తినమని చెబుతాను.

లేబుల్ ఏం చెప్పింది

పిన్నిని చివరగా అడిగింది లేబుల్ ఫొటో. నిజానికి ముందే అడగాల్సింది ఇదే అని చాలామంది అంటారు. నేను కావాలనే చివర్లో అడుగుతాను. ముందు తేదీ చూస్తే ఆ తర్వాత ముక్కల్లో కూడా తేదీకి తగ్గట్టే కనిపిస్తుంది.

ప్యాక్ చేసిన తేదీ ఆ రోజే. వాడాల్సిన గడువు మరుసటి రోజు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్సు నంబరు కూడా స్పష్టంగా ఉంది. ఫొటోల్లో కనిపించిన దానికి, తేదీకి పొంతన కుదరలేదు. చూడబోతే ఆ ముక్కలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు గడిపినట్టున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది 'పాత సరుకుకు కొత్త లేబుల్ అంటించారు' అంటారు. అలా జరగదని చెప్పను. కానీ ముందు ఇంట్లోనే ఒక ప్రశ్న అడగాలి.

'ఎన్నింటికొచ్చింది పిన్నీ?'

'పదింటికి. పిల్లలు స్నానాలు చేసి, హోంవర్కు చేసుకుని వచ్చేసరికి రెండయింది. టేబుల్ మీదే పెట్టాను, మూత తీయలేదు కదా!'

విజయవాడలో మే నెల. నాలుగు గంటలు. ఫొటోలో మనకు కనిపించేది వయసు కాదు, అరుగుదల. ముక్క మెత్తబడటం, ఊట కారడం, పులవడం, ఇవన్నీ వేడికి వేగం పుంజుకుంటాయి. చల్లటి ఫ్రిజ్‌లో చాలా రోజులు పట్టే మార్పు నలభై డిగ్రీల పగలు బల్ల మీద కొన్ని గంటల్లోనే అవుతుంది. ఫొటో చూసి 'ఇది ఇన్నాళ్లది' అని చెప్పేవాళ్లెవరైనా నిజానికి ఆ ముక్కలు చల్లగానే ఉన్నాయని మనసులో అనుకుని చెబుతున్నారు. ఆ ఊహ తప్పితే జవాబూ తప్పే. కాబట్టి ఫొటోతో పాటు అడగాల్సినవి రెండు: ఎప్పుడు వచ్చింది, అప్పటి నుంచి ఎక్కడుంది.

డబ్బాను పారేయమన్నాను. ముక్కలు చూసి కాదు, ఆ నాలుగు గంటలు విని. ముక్కలు చక్కగా ఉన్నా అదే మాట చెప్పేవాణ్ణి.

ఎందుకంటే ఫొటో ఒక వైపే పనిచేస్తుంది. మబ్బు ఊట, ఆగని బుడగలు, నూగు, జిగురు కనిపిస్తే వద్దని గట్టిగా చెప్పొచ్చు. ఏమీ కనిపించకపోతే 'ఫర్వాలేదు' అని చెప్పడానికి మాత్రం ఫొటో చాలదు. ముక్కను మెత్తబరిచి, పులియబెట్టి, మన కంటికి చిక్కే క్రిములు వేరు. మనిషిని మంచం ఎక్కించేవి వేరు. సాల్మొనెల్లా ఉన్న కర్బూజ ముక్క కూడా తళతళలాడుతూ, మంచి వాసనతోనే ఉండొచ్చు. అమెరికాలో 2018లో ముందే కోసి ప్యాక్ చేసిన పుచ్చ, కర్బూజ ముక్కల ద్వారా సాల్మొనెల్లా సోకి 9 రాష్ట్రాల్లో 77 మంది జబ్బుపడ్డారు. మరుసటి ఏడాది అలాంటి ముక్కల వల్లే 10 రాష్ట్రాల్లో 137 మంది. వాళ్లు చూడటానికి బాగాలేని ముక్కలు తిని ఉంటారని అనుకోవడానికి కారణమేమీ లేదు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

కర్బూజ, పుచ్చ, బొప్పాయిలకు పులుపు చాలా తక్కువ. పైనాపిల్‌కు, నారింజకు ఉన్న ఆ కాస్త రక్షణ కూడా వాటికి లేదు. పైగా కర్బూజ తొక్క గరుకుగా ఉండి మట్టిని పట్టుకుంటుంది, కత్తి ఆ మట్టి మీదుగానే లోపలికి దిగుతుంది. అందుకే అమెరికా ఆహార నిబంధనల్లో కోసిన పుచ్చ జాతి పండ్లను 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ చలిలో ఉంచాలని ప్రత్యేకంగా చెబుతారు. ఫ్రిజ్ బయట రెండు గంటలు దాటిన కోసిన పండును తినొద్దని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటేనని అక్కడ ఇంటివాళ్లకు చెప్పే మాట. మన వేసవిలో రెండు గంటల లెక్క ఎప్పుడూ వర్తించదు, గంటే.

కంపెనీకి ఫిర్యాదు చేయనా అని పిన్ని అడిగింది. ఈ డబ్బా విషయంలో వద్దన్నాను, తప్పు వాళ్లదని తేల్చలేం. నిజంగా చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం డబ్బా చేతికందిన ఐదు నిమిషాల్లోపే ఫొటోలు తీయాలి. మూత తీయకముందు లేబుల్‌తో ఒకటి, తీశాక తెల్ల కాగితం పక్కన పెట్టి పై నుంచి ఒకటి, మూలకు వంచి పక్క నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి. తీసిన సమయం ఫోన్లోనే నమోదవుతుంది, డెలివరీ అయిన సమయం ఆప్‌లో ఉంటుంది. 'పుచ్చకాయలో సహజంగానే నీరు ఎక్కువండీ' అన్న జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, అందులో నిజం కూడా ఉంది. కాబట్టి ఊట ఉందని రాయకండి. ఊట మబ్బుగా ఉందని, పది నిమిషాలు కదపకుండా పెట్టినా బుడగలు పోలేదని రాసి, ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి. యాపిల్ ఫొటో అసలు పెట్టొద్దు.